స్విచ్ వేయగానే ఫ్యూజ్ పోతోందా? ఇన్‌రష్ కరెంట్‌ని ఆపడానికి థర్మిస్టర్ చాలా, రెసిస్టరా, రిలే కూడా కావాలా

ఒక 150 వాట్ల ఎస్‌ఎంపీఎస్ రిపేరుకి వచ్చింది. ఫ్యూజ్ లోపల నల్లగా మాడింది, బ్రిడ్జ్ షార్ట్ అయింది. ఇన్‌పుట్‌లో సిరీస్‌గా ఉన్న థర్మిస్టర్‌ని మల్టీమీటర్‌తో చూస్తే సరిగ్గా 10 ఓమ్‌లు చూపించింది. ఆన్ చేసిన క్షణంలో ఒక్కసారిగా దూకే కరెంట్‌ని, అంటే సర్జ్‌ని, ఆపాల్సిన పార్ట్ బాగానే ఉంది కదా, బ్రిడ్జ్‌లోనే ఏదో లోపం ఉండి ఉంటుంది అనుకుని రెండూ మార్చి పంపేశాను. మూడు వారాల్లో మళ్లీ అదే ఫ్యూజ్, అదే బ్రిడ్జ్. మొదటిసారే అడగాల్సిన ప్రశ్న అప్పుడు అడిగాను: "ఇది ఎప్పుడు పోతోంది?" "కరెంటు పోయి వెంటనే వచ్చిందంటే చాలు, అప్పుడే పోతోంది" అన్నారు. పొద్దున్నే ఆన్ చేసినప్పుడు మాత్రం ఒక్కసారి కూడా పోలేదట.

ఏ పద్ధతి ఎంచుకోవాలన్నది చాలావరకు ఈ ఒక్క జవాబుతో తేలిపోతుంది. మొదటి సర్జ్ ఎంత పెద్దది అని అందరూ లెక్క వేస్తారు. ఆఫ్ అయ్యాక ఎంతసేపటికి మళ్లీ ఆన్ అవుతుంది అని మాత్రం ఎవరూ అడగరు.

అసలు సర్జ్ ఎందుకు వస్తుంది

ఇన్‌పుట్‌లో బ్రిడ్జ్ ఉంటుంది, దాని వెనకే పెద్ద ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్. నా దగ్గరికి వచ్చినదాంట్లో అది 220 మైక్రోఫారడ్లు. స్విచ్ వేసే క్షణంలో ఆ కెపాసిటర్ ఖాళీగా ఉంటుంది కాబట్టి, లైన్‌కి అది దాదాపు షార్ట్ సర్క్యూట్ లాగే కనిపిస్తుంది. 230 వోల్టుల మెయిన్స్‌కి పీక్ 325 వోల్టులు. మీ వేలు స్విచ్ మీద పడిన క్షణానికి సైన్ వేవ్ సరిగ్గా ఆ పీక్ దగ్గర ఉందనుకోండి, కరెంట్‌ని ఆపేది వైరు, ఫిల్టర్ చోక్, డయోడ్లు, కెపాసిటర్ లోపలి రెసిస్టెన్స్ మాత్రమే. ఇవన్నీ కలిపి ఒక ఓమ్ అనుకుంటే:

```
325 V / 1 Ω  = 325 A   (ఏమీ పెట్టకపోతే)
325 V / 11 Ω ≈ 30 A    (10 Ω సిరీస్‌లో ఉంటే)
```

లైన్‌లోని ఇండక్టెన్స్ వల్ల నిజంగా అంత ఎత్తుకి పోదు, ఇది పైహద్దు అనుకోండి. కానీ సగం వెళ్లినా చాలు, స్విచ్ కాంటాక్ట్‌ల మధ్య మెరుపు కనిపిస్తుంది. ఇంకో సంగతి, పదిసార్లు ఆన్ చేస్తే పదిసార్లూ ఒకేలా ఉండదు. వేవ్ జీరో దగ్గర ఉన్నప్పుడు స్విచ్ పడితే సర్జ్ చాలా చిన్నది. "నిన్నటి దాకా బాగానే ఉంది" అనే మాట వెనక చాలాసార్లు ఉండేది ఈ లాటరీయే.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

నేనైతే నాలుగు చూస్తాను. ఒకటి, మామూలుగా నడుస్తున్నప్పుడు సప్లై ఎంత కరెంట్ లాగుతుంది, ఎందుకంటే సిరీస్‌లో పెట్టిన ఏ వస్తువైనా ఆ కరెంట్‌ని రోజంతా భరించాలి. రెండు, కెపాసిటర్ ఎంత పెద్దది, అంటే ఆ మొదటి దెబ్బలో ఎంత ఎనర్జీ మింగాలి. మూడు, చుట్టూ వేడి ఎంత. నాలుగు, ఇందాక చెప్పినదే, ఆఫ్‌కీ ఆన్‌కీ మధ్య ఎంత సమయం దొరుకుతుంది. ధర, బోర్డు మీద చోటు వీటి తర్వాతే వస్తాయి, ఎందుకంటే చవకగా పెట్టింది నెలకోసారి బ్రిడ్జ్‌ని తినేస్తుంటే అది చవక కాదు.

మన 150 వాట్ల సప్లైకి మొదటి లెక్క ఇది. ఎఫిషియెన్సీ 85 శాతం అంటే ఇన్‌పుట్‌లో 176 వాట్లు. పవర్ ఫ్యాక్టర్‌ని సరిచేసే పీఎఫ్‌సీ సర్క్యూట్ లేదు కాబట్టి అది 0.6 దగ్గర ఉంటుంది, దాంతో 230 వోల్టుల దగ్గర కరెంట్ 1.28 ఆంపియర్లు. పవర్ ఫ్యాక్టర్‌ని మర్చిపోయి 176ని 230తో భాగించి 0.77 అని రాసుకునేవాళ్లు చాలామంది, అక్కడే చిన్న సైజు పార్ట్ ఎంచుకుని దొరికిపోతారు. వోల్టేజ్ తగ్గితే కరెంట్ ఇంకా పెరుగుతుంది, 180 దగ్గర అది 1.63.

మొదటి దారి: మామూలు రెసిస్టర్

10 ఓమ్‌ల వైర్‌వౌండ్ రెసిస్టర్ సిరీస్‌లో పెడితే సర్జ్ 30 ఆంపియర్లకి ఆగిపోతుంది, వేడిగా ఉన్నా చల్లగా ఉన్నా అంతే. ఎన్నిసార్లు ఆన్ చేసినా మారదు. ఈ ఒక్క గుణంలో దాన్ని థర్మిస్టర్ ఎప్పటికీ అందుకోలేదు. కానీ మన సప్లైలో 1.28 ఆంపియర్ల దగ్గర ఆ రెసిస్టర్ 16 వాట్లు కాలుస్తుంది, అంటే ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్‌ని డబ్బాలో పెట్టి మూత వేసినట్టే.

అదే 10 వాట్ల చార్జర్ అయితే లైన్ కరెంట్ 0.1 ఆంపియర్, రెసిస్టర్‌లో నష్టం 0.1 వాట్. అక్కడ థర్మిస్టర్ గురించి ఆలోచించడం కూడా వృథా, ఎందుకంటే అంత తక్కువ కరెంట్‌కి అది సరిగ్గా వేడెక్కదు, రెసిస్టెన్స్ పెద్దగా తగ్గదు. కాకపోతే రెసిస్టర్ ఎంపికలో ఒక జాగ్రత్త. వాటేజ్ సరిపోయింది కదా అని మామూలు కార్బన్ ఫిల్మ్ పెడితే, ప్రతి ఆన్‌కీ పడే ఆ దెబ్బకి కొన్నాళ్లలో లోపలి పొర తెగిపోతుంది. పల్స్ తట్టుకునే వైర్‌వౌండ్, అదీ ఫ్యూజిబుల్ రకం అయితే, లోపల షార్ట్ అయినప్పుడు మంట లేకుండా తెగిపోతుంది.

రెండో దారి: ఎన్‌టీసీ థర్మిస్టర్

ఆకుపచ్చగానో నల్లగానో ఉండే చిన్న గుండ్రటి బిళ్ల. ఒంటి మీద 10D-11 లాంటి అక్షరాలు ఉంటాయి, మొదటి అంకె 25 డిగ్రీల దగ్గర రెసిస్టెన్స్, రెండోది బిళ్ల వ్యాసం మిల్లీమీటర్లలో. చల్లగా ఉన్నప్పుడు 10 ఓమ్‌లుగా అడ్డం నిలబడుతుంది, కరెంట్ పారుతున్నకొద్దీ వేడెక్కి, రెసిస్టెన్స్ తగ్గించుకుని పక్కకి తప్పుకుంటుంది. తెలివైన పని ఏమీ లేదు, దాని స్వభావమే అంత.

మన సప్లైలో అది ఎక్కడ స్థిరపడుతుందో చూద్దాం. 11 మిల్లీమీటర్ల బిళ్ల ఒక డిగ్రీ పెరగడానికి సుమారు 15 మిల్లీవాట్లు తీసుకుంటుంది అనుకుంటే, 1.28 ఆంపియర్ల దగ్గర అది దాదాపు 120 డిగ్రీలకి చేరి 0.9 ఓమ్ దగ్గర ఆగుతుంది. నష్టం ఒకటిన్నర వాట్. రెసిస్టర్‌తో పోలిస్తే పదో వంతు కన్నా తక్కువ, అందుకే ప్రతి సప్లైలోనూ ఇదే కనిపిస్తుంది.

సైజు విషయానికొస్తే, గరిష్ఠ కరెంట్ అని డేటాషీట్‌లో ఇచ్చేది వ్యాసంతో పెరుగుతుంది. 10D-9 రెండు ఆంపియర్లకి, 10D-11 మూడింటికి, 10D-13 నాలుగింటికి అని సాధారణంగా ఇస్తారు. మన 1.63కి 10D-9 చాలు అనిపిస్తుంది కానీ నేనైతే 11 పెడతాను, ఎందుకంటే ఆ గరిష్ఠ కరెంట్ చల్లటి గదికి ఇచ్చిన లెక్క, డబ్బా లోపలి వేడికి కాదు. అదే సప్లై 90 వోల్టుల దగ్గర కూడా పని చేయాలంటే కరెంట్ 3.3కి వెళ్తుంది, అప్పుడు 13 తప్పదు. తర్వాత డేటాషీట్‌లో గరిష్ఠ కెపాసిటర్ విలువ లేదా జౌల్స్ అనే వరస చూడండి. మన కెపాసిటర్‌ని నింపేటప్పుడు దాదాపు 11.6 జౌల్స్ ఈ బిళ్ల మీదే పడతాయి (½CV²), మెయిన్స్ 264 వోల్టులకి పెరిగితే 15 దాటుతాయి. ఈ వరస చూడకుండా కొన్నవే మధ్యలో పగిలి రెండు ముక్కలవుతాయి.

10 ఓమ్‌లు దొరకలేదని రెండు 20 ఓమ్‌లవి పక్కపక్కన పారలల్‌గా పెట్టకండి. రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు, కొంచెం ముందు వేడెక్కినది రెసిస్టెన్స్ తగ్గించుకుని మొత్తం కరెంట్ తనే లాక్కుంటుంది, రెండోది చల్లగా కూర్చుంటుంది. రెండు 5 ఓమ్‌లవి సిరీస్‌లో పెట్టడం మాత్రం నిక్షేపంగా కుదురుతుంది.

ఇక్కడి దాకా అంతా బాగుంది. ఇబ్బంది సప్లై ఆఫ్ అయిన తర్వాత మొదలవుతుంది.

నడిచి నడిచి 120 డిగ్రీలకి చేరిన బిళ్ల, కరెంట్ ఆగగానే చల్లారిపోదు. దాని టైమ్ కాన్‌స్టంట్ 40 సెకన్లు అనుకుని, కెపాసిటర్ పూర్తిగా ఖాళీ అయిందనుకుని, గది 25 డిగ్రీలుంటే మళ్లీ ఆన్ చేసినప్పుడు వచ్చే పీక్ ఇలా ఉంటుంది:

| ఆఫ్ చేశాక ఎంతసేపటికి | బిళ్ల వేడి | రెసిస్టెన్స్ | పీక్ కరెంట్ |
|---|---|---|---|
| వెంటనే | 120 డిగ్రీలు | 0.9 ఓమ్ | 171 ఆంపియర్లు |
| 40 సెకన్లు | 60 డిగ్రీలు | 3.5 ఓమ్‌లు | 72 ఆంపియర్లు |
| 80 సెకన్లు | 38 డిగ్రీలు | 6.6 ఓమ్‌లు | 43 ఆంపియర్లు |
| 2 నిమిషాలు | 30 డిగ్రీలు | 8.5 ఓమ్‌లు | 34 ఆంపియర్లు |

మల్టీమీటర్ 10 ఓమ్‌లు చూపించి నన్ను ఎలా మోసం చేసిందో ఇప్పుడు అర్థమైందిగా. నేను కొలిచింది టేబుల్ మీద చల్లారిన బిళ్లని. ఫ్యూజ్ పోయిన క్షణంలో అది 10 ఓమ్‌లు కాదు.

దీంట్లో ఒక మెలిక ఉంది. కరెంటు పోయిన వెంటనే కెపాసిటర్ కూడా ఖాళీ కాదు. ఫుల్ లోడ్‌లో 220 మైక్రోఫారడ్లు 325 వోల్టుల నుంచి 200కి దిగడానికి సుమారు 40 మిల్లీసెకన్లు పడుతుంది, ఆ దగ్గర్లో సప్లై ఆగిపోయిందంటే మిగిలిన 200 వోల్టులు బ్లీడర్ రెసిస్టర్ గుండా మెల్లగా దిగుతాయి. అప్పుడే కరెంటు తిరిగొస్తే తేడా 125 వోల్టులే, పీక్ 66 ఆంపియర్ల దగ్గర ఆగుతుంది. కాబట్టి అసలు ప్రమాదం అరసెకను పోయి వచ్చే కరెంటుతో కాదు, కెపాసిటర్ ఖాళీ అయిపోయి బిళ్ల మాత్రం ఇంకా కాలుతున్న మధ్య సమయంతో. కొన్ని కంట్రోలర్లు ఆగిపోయాక కూడా మళ్లీ మళ్లీ స్టార్ట్ అవ్వడానికి ప్రయత్నిస్తూ రెండు మూడు సెకన్లలో కెపాసిటర్‌ని మొత్తం లాగేస్తాయి. ఆ మధ్య సమయం వాటిలో చాలా త్వరగా మొదలవుతుంది. నా దగ్గరికి వచ్చింది ఆ బాపతే.

వేడి విషయం ఇంకొకటి. డబ్బా లోపల ముందే 60 డిగ్రీలు ఉంటే మొదటిసారి ఆన్ చేసినా బిళ్ల 3.5 ఓమ్‌ల దగ్గరే మొదలవుతుంది, అంటే పట్టికలో రెండో వరస. దీనికి పూర్తి ఎదురుగా, మైనస్ 20 డిగ్రీల చలిలో అదే బిళ్ల ఐదారు రెట్లు, అంటే 50, 60 ఓమ్‌లు చూపిస్తుంది. వోల్టేజ్ తక్కువగా ఉండి లోడ్ ఎక్కువగా ఉంటే సప్లై రెండు మూడు సార్లు తడబడి గానీ లేవదు. ఆరుబయట పెట్టే పరికరాలకి 10 బదులు 5 ఓమ్‌లవి వాడటానికి ఇదొక కారణం.

మూడో దారి: థర్మిస్టర్ పక్కన రిలే

ఆలోచన తేలికే. ఆన్ అయిన తర్వాత కెపాసిటర్ నిండేదాకా థర్మిస్టర్ పని చేస్తుంది, తర్వాత రిలే కాంటాక్ట్ దాని రెండు కాళ్లనీ కలిపేస్తుంది. కరెంట్ రిలే గుండా పోతుంది కాబట్టి బిళ్ల చల్లగా ఉంటుంది, ఒకటిన్నర వాట్ నష్టం పోతుంది. కరెంటు పోయి వచ్చినా 10 ఓమ్‌లతో సిద్ధంగా ఉంటుంది. ఆన్ చేసిన పావు సెకనుకో అరసెకనుకో చిన్నగా "టిక్" అని వినిపిస్తే అది ఇదే.

థర్మిస్టర్ బదులు మామూలు రెసిస్టర్ పెట్టొచ్చా అని అడుగుతారు. పెట్టొచ్చు, కానీ రిలే ఏ రోజైనా పడకపోతే 5 వాట్ల రెసిస్టర్ మీద 16 వాట్లు పడతాయి, అది కాలి బోర్డుని కూడా కాలుస్తుంది. ఎన్‌టీసీ అయితే రిలే పడకపోయినా పాత పద్ధతిలో వేడెక్కి సప్లైని నడిపించేస్తుంది, మీకు తెలియనే తెలియదు. మూడో రకం పీటీసీ. రిలే పడకపోతే అది వేడెక్కి రెసిస్టెన్స్ పెంచేసుకుని సప్లైని ఆపేస్తుంది, తనూ కాలదు. లోపల కెపాసిటర్ షార్ట్ అయినా అంతే. చార్జింగ్ స్టేషన్లు, పెద్ద ఇన్వర్టర్ల లాంటి చోట నాకు పీటీసీయే నచ్చుతుంది. ఒక షరతు ఏమిటంటే, రిలే పడేదాకా లోడ్ మొదలవ్వకూడదు, లేదంటే పీటీసీ మధ్యలోనే వేడెక్కి కెపాసిటర్‌ని నిండనివ్వదు.

రిలేకి ట్రయాక్, ఎస్‌సీఆర్, మాస్‌ఫెట్ లాంటి ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. కిలోవాట్ దాటిన సప్లైలలో బ్రిడ్జ్‌లోనే ఎస్‌సీఆర్‌లు పెట్టి నెమ్మదిగా తెరుస్తారు. సొంతంగా చేసుకునేవాళ్లకి ఆ గేట్ డ్రైవ్ తలనొప్పి అవసరం లేదు, రిలే చాలు.

మరి మీకు ఏది?

| మీ పరిస్థితి | నేను పెట్టేది |
|---|---|
| 10, 15 వాట్ల లోపు చార్జర్, అడాప్టర్ | ఫ్యూజిబుల్ వైర్‌వౌండ్ రెసిస్టర్ |
| 30 నుంచి 200 వాట్లు, రోజుకి ఒకటి రెండుసార్లు ఆన్ | ఎన్‌టీసీ ఒక్కటే |
| అదే సైజు, కానీ కరెంటు తరచూ పోయి వస్తుంది | ఎన్‌టీసీతో పాటు రిలే |
| 300 వాట్ల పైన | రిలే, పక్కన ఎన్‌టీసీ లేదా పీటీసీ |
| డబ్బా లోపల ఎప్పుడూ 60 డిగ్రీలు | రిలే, పక్కన వైర్‌వౌండ్, దానికి తాకేలా థర్మల్ ఫ్యూజ్ |

200కీ 300కీ మధ్యలో ఉన్నవాళ్లు ఫ్యాన్ ఉందా లేదా చూసుకుని తేల్చుకోండి. గాలి ఆడని డబ్బాలో 120 డిగ్రీల బిళ్ల పక్కన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఉందంటే, అది ముందుగా ఎండిపోతుంది. పాత బోర్డుల్లో థర్మిస్టర్ కింద గోధుమరంగు మచ్చ కనిపించేది అందుకే. బిళ్ల కాళ్లు కొంచెం పొడుగ్గా వదిలి, బోర్డుకి ఎత్తుగా పెట్టండి.

ఒకే ఎంసీబీ మీద చాలా ఎల్‌ఈడీ డ్రైవర్లు ఉన్నవాళ్ల కథ వేరు. అక్కడ ఒక్కో డ్రైవర్‌లో థర్మిస్టర్ ఉన్నా, అన్నీ ఒకే క్షణంలో ఆన్ అవుతాయి కాబట్టి సర్జ్‌లన్నీ కలిసిపోతాయి. బి రకం ఎంసీబీ తన రేటింగ్‌కి 3 నుంచి 5 రెట్ల దగ్గరే వెంటనే పడిపోతుంది, సి రకం 5 నుంచి 10 రెట్ల దాకా ఓర్చుకుంటుంది. మిల్లీసెకను పల్స్‌కి ఇంకొంచెం ఓపిక ఉంటుందనుకోండి. వైరింగ్ అనుమతిస్తే సి రకానికి మారడం, లేదా లైన్‌ని రెండుగా విడగొట్టడం, డ్రైవర్ లోపల కెలకడం కన్నా నయం.

టొరాయిడ్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఆంప్లిఫయర్ వాళ్లకి ఒక్క మాట. అక్కడ సర్జ్ కోర్ సాచురేషన్ వల్ల వస్తుంది, వేవ్ జీరో దగ్గర ఆన్ చేస్తేనే ఎక్కువ వస్తుంది. కెపాసిటర్‌కి సరిగ్గా తలకిందులు. జీరో క్రాసింగ్ రిలే కొని పెట్టి "ఇంకా ఎక్కువైంది" అనేవాళ్లు ఈ కోవలోకి వస్తారు.

కొలిచి చూసుకోవాలంటే

ఇన్‌రష్ బటన్ ఉన్న క్లాంప్ మీటర్‌ని ఇక్కడ నమ్మకండి. అవి మోటార్ల కోసం చేసినవి, చాలావాటిలో సుమారు 100 మిల్లీసెకన్ల సగటు చూపిస్తాయి, మన పీక్ రెండు మూడు మిల్లీసెకన్లలో అయిపోతుంది. స్కోప్‌కి కరెంట్ ప్రోబ్ తగిలించి సింగిల్ ట్రిగ్గర్‌లో పెట్టి, కనీసం ఇరవైసార్లు ఆన్ చేసి అందులో పెద్దది తీసుకోండి. అసలు పరీక్ష ఇంకా ఉంది: ఫుల్ లోడ్‌లో అరగంట నడిపి, ఆఫ్ చేసి, ఐదు సెకన్లు ఆగి ఆన్ చేయండి. ఆ పీక్‌ని బ్రిడ్జ్ డేటాషీట్‌లోని ఐఎఫ్‌ఎస్‌ఎమ్, అంటే అది తట్టుకోగల గరిష్ఠ సర్జ్ కరెంట్, విలువతో పోల్చండి. 1N4007కి అది 30 ఆంపియర్లే, మామూలు 4 ఆంపియర్ల బ్రిడ్జ్‌లకి 150 దగ్గర ఉంటుంది.

నా సప్లైకి చివరికి రిలే పెట్టాను, కానీ మొదటి ప్రయత్నం పనికిరాలేదు. కాయిల్‌ని ఆగ్జిలరీ వైండింగ్ నుంచి నడిపించాను, అక్కడ పెద్ద కెపాసిటర్ ఉండటంతో కరెంటు పోయాక కూడా రిలే మూడో వంతు సెకను పాటు పట్టుకునే ఉంది. ఆ లోపల కరెంటు తిరిగొస్తే బిళ్ల దారిలోనే లేదు, 125 వోల్టుల తేడాకి అడ్డం ఒక్క ఓమ్ మాత్రమే, అంటే థర్మిస్టర్ ఒక్కటే ఉన్నప్పటి కన్నా దారుణం. తర్వాత మెయిన్స్ ఉందో లేదో చూసే ఆప్టోకప్లర్ పెట్టి, కరెంటు పోయిన 30 మిల్లీసెకన్లలో కాయిల్‌ని వదిలేసేలా మార్చాను. మెయిన్స్ ఒకటి రెండు సైకిళ్లు తగ్గి వచ్చినప్పుడు రిలే అనవసరంగా వదిలి మళ్లీ పట్టుకుంటుంది, ఆ కాసేపు కరెంట్ చల్లటి బిళ్ల గుండా పారుతుంది. అది ఎన్‌టీసీ కాబట్టి ఏమీ కాదు.